నోటీసు అన్న పేరు మీద, ఇల్లు నలుగురిది: జవాబు ఎవరివ్వాలి, పన్ను ఎవరు కట్టాలి

నాన్న కట్టిన ఇల్లు అమ్మారు, డబ్బులు పంచుకున్నారు, ఎవరి దారిన వాళ్ళు పోయారు. మూడేళ్ళ తర్వాత అన్న ఫోనుకి ఆదాయపు పన్ను శాఖ నుంచి మెసేజ్ వస్తుంది. పోర్టల్ తెరిచి చూస్తే "మీరు కోటి ఇరవై లక్షలకి ఆస్తి అమ్మారు, రిటర్నులో ముప్ఫై లక్షలే చూపించారు, మిగతా తొంభై లక్షల సంగతేంటి" అని ఉంటుంది. ఇక ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో మొదలు. ఒకరు "నీకొచ్చింది కాబట్టి నువ్వే చూసుకో" అంటారు, ఇంకొకరు "అందరం కలిసి సంతకాలు పెట్టి పంపిద్దాం" అంటారు, అమ్మేమో "ఎందుకొచ్చిన గొడవ, అంతా నువ్వే కట్టేయ్, తర్వాత చూసుకుందాం" అంటుంది. ఈ మూడూ తప్పే. అమ్మ మాట వినడానికి మంచిగా ఉంటుంది కానీ మూడిట్లోకీ ఎక్కువ నష్టం దానితోనే.

రాజమండ్రిలో నేను దగ్గరుండి చూసిన ఒక కుటుంబం కేసు పెట్టుకుని ఇదంతా చెప్తాను. పేర్లు వద్దు, అంకెలు కాస్త గుండ్రంగా చేశాను.

ముందు ఒక ప్రశ్న: నోటీసు మనిషి మీదా, ఆస్తి మీదా?

ఉమ్మడి ఆస్తికి ఒకే నోటీసు వచ్చినప్పుడు దాన్ని చదివే ముందే ఇది తేల్చుకోవాలి, ఎందుకంటే జవాబు ఎవరివ్వాలన్నదీ బాధ్యత ఎలా పంచుకోవాలన్నదీ రెండూ దీని మీదే ఆధారపడతాయి.

మున్సిపాలిటీ ఇంటి పన్ను నోటీసు ఆస్తి మీద వచ్చేది. దాని మీద నాన్న పేరున్నా, పెద్దన్న పేరున్నా, అసెస్‌మెంట్ నంబరు ఇంటిది. బకాయి ఇంటికి అంటుకుని ఉంటుంది, వాటాలతో మున్సిపాలిటీకి పనిలేదు, "నా పావు వాటా పన్ను కట్టేశాను" అంటే కౌంటర్లో నవ్వుతారు. ఆలస్యమైతే నెలకి రెండు శాతం వడ్డీ, అదీ మొత్తం బకాయి మీద. కాబట్టి దానికి ఎవరో ఒకరు జవాబిచ్చి, ఎవరో ఒకరు మొత్తం కట్టి, రసీదు పెట్టుకుని మిగతావాళ్ళ దగ్గర వసూలు చేసుకోవడమే పద్ధతి. వాళ్ళు ఇవ్వకపోతే కాంట్రాక్ట్ చట్టం 69వ సెక్షన్ కింద అడగొచ్చు, కట్టిన రోజు నుంచి మూడేళ్ళ లోపల. ఇంటి పన్ను గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

ఆదాయపు పన్ను నోటీసు మనిషి మీద వచ్చేది, ఇంకా కచ్చితంగా చెప్పాలంటే పాన్ మీద. ఒకే ఇల్లు నలుగురు అమ్మితే శాఖ దృష్టిలో అవి నాలుగు అమ్మకాలు, నాలుగు లాభాలు, నాలుగు రిటర్నులు. వాటాలు స్పష్టంగా ఉన్నంత వరకు ఒకరి పన్నుకి ఇంకొకరు పూచీ కాదు. నోటీసు ఒకరికే వచ్చిందంటే మిగతా ముగ్గురు బయటపడ్డారని కాదు, ఆ ఒక్కడి మీదే మొత్తం పడుతుందనీ కాదు. శాఖ కంప్యూటర్లో మొత్తం అంకె ఒకే పాన్ పక్కన కనపడింది, అంతే.

అసలు అన్న పాన్ మీదే ఎందుకు పడింది

ఈ కుటుంబంలో నాన్న 1988లో స్థలం కొని 1991లో ఇల్లు కట్టాడు. విల్లు రాయకుండా 2015లో పోయాడు. స్వార్జితం కాబట్టి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మ, ఇద్దరు కొడుకులు, కూతురు, నలుగురికీ తలా పావు. (ఇలా వచ్చింది కొడుకుల సొంత ఆస్తే, వాళ్ళ ఉమ్మడి కుటుంబ ఆస్తి కాదు. 1986లో చందర్ సేన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చిన విషయమే ఇది, కాబట్టి హెచ్‌యూఎఫ్ గొడవ లేదు.) 2022 నవంబరులో కోటి ఇరవై లక్షలకి అమ్మారు. తమ్ముడు డాలస్‌లో ఉంటాడు, వాడి తరఫున అన్న జీపీఏ మీద సంతకం పెట్టాడు.

ముప్ఫై లక్షలు, ఆపైన విలువున్న ప్రతి ఆస్తి లావాదేవీనీ సబ్‌రిజిస్ట్రార్ ఏటా ఆదాయపు పన్ను శాఖకి రిపోర్టు చేస్తాడు. దస్తావేజులో మొదటి పేరు అన్నది, జీపీఏ సంతకమూ అన్నదే. దానికి తోడు కొన్నవాళ్ళు బ్యాంకు లోను డీడీ మొత్తం అన్న అకౌంటుకే ఇచ్చారు, ఒక్క శాతం టీడీఎస్ లక్షా ఇరవై వేలు కూడా అన్న పాన్ మీదే ఒకే ఫారం 26QBలో కట్టేశారు. నిజానికి అమ్మేవాళ్ళు ఎంతమంది ఉంటే అన్ని ఫారాలు వేయాలి, పైగా తమ్ముడు ఎన్నారై కాబట్టి వాడి వాటాకి టీడీఎస్ లెక్కే వేరు. కానీ కొన్నవాళ్ళు అవన్నీ పట్టించుకోలేదు, అమ్మినవాళ్ళూ అడగలేదు.

ఇక్కడ అన్న చేసిన తప్పు ఒకటుంది. తన రిటర్నులో అమ్మకం ధర తన వాటా ముప్ఫై లక్షలే చూపించాడు, అది కరెక్టే. టీడీఎస్ మాత్రం పోర్టల్ తనంతట తానే నింపేసిన లక్షా ఇరవై వేలూ తీసేసుకున్నాడు. ముప్ఫై లక్షల మీద ఒక్క శాతం అంటే ముప్ఫై వేలే కదా. ఆ తేడా కంప్యూటర్‌కి కనపడకుండా ఎక్కడికి పోతుంది?

మీకు నోటీసు వస్తే ముందు మీ పాన్ మీద నమోదైన టీడీఎస్‌నీ లావాదేవీలనీ చూపించే 26AS, ఏఐఎస్ రెండూ దింపుకుని, మొత్తం అంకె ఎక్కడి నుంచి వచ్చిందో పట్టుకోండి. సబ్‌రిజిస్ట్రార్ రిపోర్టు నుంచా, 26QB నుంచా, బ్యాంకు జమ నుంచా? జవాబు ఆ మూలానికి సూటిగా తగలాలి. బ్యాంకు జమ గురించి అడిగితే దస్తావేజు పంపించి ఊరుకున్నవాళ్ళని చూశాను. ఆఫీసర్ అడిగినది అది కాదు.

నోటీసు నిజమైనదేనా, ఏ సెక్షను, ఏ సంవత్సరం

పోర్టల్‌లోకి లాగిన్ కాకుండానే `Authenticate Notice/Order Issued by ITD` అనే లింకులో నోటీసు మీదున్న డిన్ నంబరు, అంటే ఆ కాగితానికి శాఖ ఇచ్చిన గుర్తింపు నంబరు, కొట్టి చూడండి. అసలుదైతే అక్కడ చూపిస్తుంది. లాగిన్ అయితే `e-Proceedings`లో అదే నోటీసు ఉండాలి. ఈమెయిల్లో లింకు నొక్కి పన్ను కట్టమంటే అది మోసం.

ఇలాంటి కేసుల్లో మామూలుగా వచ్చేది 148ఏ నోటీసు. "మీ ఆదాయం కొంత తప్పించుకుందని మా దగ్గర సమాచారం ఉంది, కేసు ఎందుకు తిరిగి తెరవకూడదో చెప్పండి" అని అడగడం దాని పని. ఇది పన్ను డిమాండు కాదు, కాబట్టి వెంటనే డబ్బు కట్టేసే పని లేదు. జవాబు గడువు నోటీసులోనే రాసి ఉంటుంది, అది చాలకపోతే గడువు ముగియక ముందే అదే స్క్రీను నుంచి ఇంకొన్ని రోజులు అడగొచ్చు.

సంవత్సరం చూడటం మర్చిపోకండి. 2024 సెప్టెంబరు 1 నుంచి ఉన్న నిబంధన ప్రకారం అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక మూడేళ్ళ వరకే మామూలుగా 148ఏ నోటీసు ఇవ్వగలరు. తప్పించుకున్న ఆదాయం యాభై లక్షలు, ఆపైన అయితేనే ఐదేళ్ళ దాకా. మా కేసులో 2022-23లో అమ్మకం, అంటే అసెస్‌మెంట్ సంవత్సరం 2023-24, మూడేళ్ళ గడువు 2027 మార్చి 31. నోటీసు 2025 నవంబరులో వచ్చింది కాబట్టి గడువు లోపలే ఉంది. కానీ మీకు నాలుగో ఏడో ఐదో ఏడో వస్తే వాటా అనేది గడువుకి కూడా పనికొస్తుంది. శాఖ కోటి ఇరవై చూసి యాభై దాటిందనుకుంటుంది, మీ వాటాలో లాభం ఇరవై లక్షలే అయితే ఆ నోటీసు నిలబడదని జవాబులో మొదటి పేరాలోనే చెప్పాలి.

జవాబు ఎవరివ్వాలి

ఎవరి పాన్ మీద వచ్చిందో వాళ్ళే, వాళ్ళ లాగిన్ నుంచే. ఇందులో చర్చకి తావు లేదు, ఎందుకంటే జవాబు పెట్టే బటన్ ఆ ఒక్క లాగిన్‌లోనే ఉంటుంది. ఆడిటర్‌కి అప్పగిస్తే ఆయన్ని అధికార ప్రతినిధిగా అక్కడే చేర్చాలి. మిగతావాళ్ళు విడివిడిగా ఆఫీసుకి ఉత్తరాలు రాయడం, చెల్లెలి భర్త తెలిసినాయన ద్వారా ఫోన్ చేయించడం లాంటివి పెట్టుకోకండి. వాళ్ళకి నోటీసు రాలేదు, వాళ్ళ ఉత్తరానికి ఫైల్లో చోటు లేదు.

నాన్న పాన్ మీదే వస్తే సంగతి వేరు. వారసుల్లో ఒకరు పోర్టల్‌లో చట్టబద్ధ వారసుడిగా నమోదు చేసుకోవాలి, దానికి డెత్ సర్టిఫికెట్, నాన్న పాన్, వారసత్వం రుజువు కావాలి. ఆ ఒక్కరు అందరి తరఫునా మాట్లాడతారు. అప్పుడు కూడా 159వ సెక్షన్ ప్రకారం వారసులు నాన్న పన్నుకి బాధ్యులు కావడం ఆయన వదిలివెళ్ళిన ఆస్తి మేరకే, సొంత జేబు దాకా రాదు.

జవాబు ఒకరిదే అయినా, దానికి కావలసిన సరంజామా నలుగురిదీ. అన్న వాట్సాప్ గ్రూపులో "అందరూ మీ పేపర్లు పంపండి" అని పెట్టాడు, పది రోజులు ఎవరూ పంపలేదు. నేను చెప్పిందేంటంటే, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ఒకే కాగితం అడగమని. ఆ కాగితంలో మూడు ముక్కలు చాలు: ఆ ఇంట్లో నా వాటా నాలుగో వంతు, నాకు ముప్ఫై లక్షలు ఫలానా తేదీన ఫలానా బ్యాంకులో వచ్చాయి, ఆ లాభాన్ని నా రిటర్నులో చూపించాను, రసీదు నంబరు ఇది. కింద పాన్, సంతకం. ఆ కాగితం అడిగితే ఎవరు ఏం దాచారో దానంతట అదే బయటపడుతుంది.

ఇక్కడే తమ్ముడు దొరికాడు

అమ్మ రిటర్ను వేసింది. చెల్లెలు వేసింది, ఆమె తన లాభంతో హైదరాబాదులో ఫ్లాట్ కొని 54వ సెక్షన్ మినహాయింపు తీసుకుంది. తమ్ముడు మాత్రం "టీడీఎస్ కట్ అయిపోయింది కదా, ఇంకేం వేయాలి" అనుకుని ఇండియాలో రిటర్నే వేయలేదు. కట్ అయిన టీడీఎస్ వాడి పాన్ మీద లేనే లేదన్న సంగతి వాడికి ఆ రోజు దాకా తెలియదు.

అన్న జవాబులో "మిగతా తొంభై లక్షలు వీళ్ళ ముగ్గురివి" అని పాన్ నంబర్లతో సహా రాయాల్సిందే, లేకపోతే జవాబుకి బలం లేదు. రాసిన మరుక్షణం తమ్ముడి పాన్ ఆఫీసర్ టేబుల్ మీద ఉంటుంది. కొన్ని ఇళ్ళల్లో ఈ చోటే అన్న మెత్తబడి తమ్ముడి వాటా కూడా తనదని చెప్పేస్తాడు. వద్దు. తప్పు స్టేట్‌మెంట్ ఇచ్చినవాడు అవుతాడు, పైగా దానివల్ల తమ్ముడికీ ఒరిగేదేమీ లేదు. ఆదాయం ఎవరిదో వాళ్ళ మీదే పన్ను వేయాలి, వేరేవాళ్ళ మీద వేశారన్న కారణంతో అసలు మనిషిని వదలక్కర్లేదని సుప్రీంకోర్టు చెప్పిన కేసు మన ఆంధ్ర నుంచి వెళ్ళిందే, సీహెచ్ అచ్చయ్య కేసు, 1996లో రిపోర్టయింది. అన్న మొత్తం కట్టేసినా తమ్ముడికి రేపు నోటీసు రాదన్న గ్యారంటీ లేదు, అప్పుడు అన్న కట్టినది తమ్ముడి ఖాతాకి మళ్ళించమంటే మళ్ళించరు.

సరైన దారి, అన్న జవాబు పెట్టే లోపల తమ్ముడు అప్‌డేటెడ్ రిటర్ను వేసేయడం. వాడికి సొంతంగా నోటీసు రాలేదు కాబట్టి ఆ తలుపు తెరిచే ఉంది. అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక నాలుగేళ్ళ దాకా వేయొచ్చు, కాకపోతే ఆలస్యానికి తగ్గట్టు పన్ను, వడ్డీ కలిపిన దాని మీద అదనం పెరుగుతుంది: మొదటి ఏడాదిలో 25 శాతం, రెండో ఏడాదిలో 50, మూడో ఏడాదిలో 60, నాలుగో ఏడాదిలో 70. వీళ్ళది రెండో ఏడాది. అన్న మూడు వారాల గడువు అడిగి తీసుకున్నాడు, ఆ మధ్యలో డిసెంబరులో తమ్ముడు వేశాడు.

లెక్క ఎలా విడదీయాలి

ముందు ఇంటి మొత్తానికి లాభం కట్టి, తర్వాత వాటాలకి పంచితే తప్పులు తగ్గుతాయి. నాన్న 2001కి ముందు కొన్నాడు కాబట్టి 2001 ఏప్రిల్ 1 నాటి విలువని ఖర్చుగా తీసుకోవచ్చు. వాల్యుయర్ దాన్ని పన్నెండు లక్షలుగా తేల్చాడు. ఆ రోజు సబ్‌రిజిస్ట్రార్ విలువ దొరికితే దాన్ని దాటకూడదు, అందుకని ఆ నాటి మార్కెట్ విలువ కాగితం కూడా తీసి పక్కన పెట్టుకున్నారు. ధరల పెరుగుదలని సర్దడానికి 2001-02ని వందగా పెట్టుకుని ప్రకటించే సూచీ 2022-23కి 331. పన్నెండు లక్షలని 3.31తో హెచ్చిస్తే 39,72,000. కోటి ఇరవైలోంచి అది తీసేస్తే లాభం 80,28,000, తలా 20,07,000. అమ్మకం నాటి రిజిస్ట్రేషన్ విలువ అమ్మిన ధర కంటే తక్కువే కాబట్టి అటు వైపు గొడవ లేదు.

ఇక ఇక్కడి నుంచి నలుగురి దారులు వేరు. అన్నకి 20 శాతం పన్ను, నాలుగు శాతం సెస్సు కలిపి 4,17,456. అమ్మకి డెబ్భై నాలుగేళ్ళు, వేరే ఆదాయం లేదు, సీనియర్‌కి ఉన్న మూడు లక్షల మినహాయింపు లాభంలోంచే తగ్గించుకుంటే 3,55,056. చెల్లెలికి ఫ్లాట్ వల్ల సున్నా. తమ్ముడు ఎన్నారై కాబట్టి అమ్మలా కనీస మినహాయింపుని ఈ లాభంతో సర్దుకోవడం కుదరదు, పన్ను 4,17,456 పూర్తిగా పడింది. దాని మీద రెండు రకాల వడ్డీలు, మళ్ళీ ఆ మొత్తం మీద సగం అదనం పడి చివరికి పది లక్షలు దాటింది. సమయానికి వేసుంటే నాలుగు లక్షల పదిహేడు వేలతో పోయేది.

అదే మొత్తం లాభం అన్న ఒక్కడే నెత్తినేసుకుంటే? ఆదాయం యాభై లక్షలు దాటి పది శాతం సర్‌ఛార్జి పడుతుంది, పద్దెనిమిది లక్షల ముప్ఫై ఆరు వేలు, వడ్డీలు కాక. అమ్మ మినహాయింపు పోయె, చెల్లెలి ఫ్లాటూ పోయె.

2024 జూలై 23 నుంచి అమ్మినవాళ్ళు ఈ లెక్కని అలాగే దించేయకండి. అప్పటి నుంచి రేటు సూచీ లేకుండా పన్నెండున్నర శాతం. అంతకు ముందు సంపాదించిన ఇల్లో స్థలమో అయితే ఇక్కడ నివాసం ఉన్నవాళ్ళకి పాత, కొత్త పద్ధతుల్లో దేనికి పన్ను తక్కువైతే అది కట్టే వీలుంది, ఎన్నారైకి లేదు. అంటే ఒకే ఇంటికి అన్న లెక్క ఒక తీరు, తమ్ముడి లెక్క ఇంకో తీరు అవుతుంది.

వాటా అంటే ఏది, డబ్బు ఎవరి దగ్గరుందన్నదా?

కాదు. పన్ను హక్కుని బట్టి వెళ్తుంది. మన వైపు తరచూ జరిగేది, చెల్లెలు దస్తావేజు మీద అమ్మకందారుగా సంతకం పెట్టి "నాకొద్దురా, మీరే ఉంచుకోండి" అంటుంది. అన్నదమ్ములు డబ్బు పంచుకుంటారు, పన్ను కూడా వాళ్ళే చూపించేస్తారు. చట్టం దృష్టిలో ఆమె తన పావు వాటా అమ్మి, వచ్చిన డబ్బు అన్నదమ్ములకి బహుమతిగా ఇచ్చింది. తోబుట్టువుల మధ్య బహుమతికి పన్ను లేదు కానీ అమ్మకం మీద లాభం ఆమెదే, రిటర్ను ఆమే వేయాలి. అమ్మకానికి ముందే ఆమె హక్కు విడుదల పత్రం రిజిస్టర్ చేసి ఇచ్చి ఉంటే, అది ఈసీలో కనపడుతుంటే, అప్పుడు వాటాలు మారతాయి, పన్నూ అన్నదమ్ములదే. నోటీసు వచ్చాక ఇప్పుడు విడుదల పత్రం రాసుకుందామంటే కుదరదు, అమ్మేసిన దాంట్లో విడుదల చేయడానికి ఏముంటుంది?

భార్యాభర్తల పేర్ల మీద కొన్న ఇల్లయితే, పేర్లు రెండున్నాయని సగం సగం అనుకోవద్దు. డబ్బంతా భర్తదే, భార్య పేరు తోడుగా రాయించారంటే లాభం భర్త లెక్కలోకే వెళ్తుంది. ఇద్దరూ పెట్టారంటే ఎవరు ఎంత పెట్టారో ఆ నిష్పత్తి, దానికి లోను ఈఎంఐ ఎవరి అకౌంటు నుంచి వెళ్ళిందో చూపించే స్టేట్‌మెంట్లు కావాలి. దస్తావేజులో నిష్పత్తి రాసి ఉంటే సగం పని అయిపోయినట్టే.

జవాబులో ఏముండాలి

ఇంగ్లీషులో రెండు పేజీలు చాలు. నలభై పేజీల కోర్టు తీర్పులు జత చేస్తే ఎవరూ చదవరు. మొదటి పేరాలో సూటిగా, ఇల్లు నలుగురిది, నాది నాలుగో వంతు, నా వాటా ధర ముప్ఫై లక్షలు ఫలానా తేదీన వేసిన రిటర్నులో ఉంది, తొంభై లక్షలు నా ఆదాయం కాదు. రెండో పేరాలో వాటా ఎలా వచ్చింది: నాన్న కొన్న దస్తావేజు, డెత్ సర్టిఫికెట్, తహసీల్దార్ ఇచ్చిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. జీపీఏ సంగతి ఇక్కడే, తమ్ముడి తరఫున సంతకం పెట్టాను తప్ప వాడి వాటా నాది కాదని.

మూడోది డబ్బు. చాలా జవాబులు ఇక్కడే కుంటుతాయి. కోటి ఇరవై అన్న అకౌంటులో పడింది, అందులోంచి మిగతా ముగ్గురికీ ఎప్పుడెప్పుడు వెళ్ళిందో తేదీలతో ఒక చిన్న పట్టిక వేసి, బ్యాంకు స్టేట్‌మెంటులో ఆ వరుసలకి పసుపు రంగు పూయాలి. అమ్మకీ చెల్లెలికీ వారంలో వెళ్ళాయి. తమ్ముడికి రెండు విడతల్లో, వాడి ఎన్నారో అకౌంటుకి, రెండోది ఐదు నెలల తర్వాత. ఆ ఐదు నెలలు ఎందుకని అడుగుతారు కాబట్టి అడగకముందే ఒక వాక్యం రాశాం, కేవైసీ పెండింగులో ఉండి అకౌంటు పనిచేయలేదని, బ్యాంకు మెయిల్ జత చేస్తూ. ఒకవేళ మీరు చెల్లెలికి కొంత నగదుగా ఇచ్చి ఉంటే అది కూడా ఉన్నదున్నట్టు రాసి ఆమె ధ్రువీకరణ పెట్టండి, కాకపోతే బ్యాంకు రుజువంత బలం దానికి ఉండదు.

నాలుగోది, టీడీఎస్ పొరపాటు ఒప్పుకోవడం. "లక్షా ఇరవై వేలూ నా పాన్ మీద కనపడటంతో తీసుకున్నాను, నా వాటాకి చెందేది ముప్ఫై వేలు, తేడా తొంభై వేలు వడ్డీతో కట్టడానికి సిద్ధం" అని రాశాడు. ఆడిటర్ మొదట ఇది రాయొద్దన్నాడు, వాళ్ళు అడిగితే చూద్దామని. కానీ వాటా ముప్ఫై అంటూనే టీడీఎస్ నూట ఇరవైకి తీసుకోవడం మన జవాబుని మనమే కొట్టేసుకోవడం, రెండూ ఒకే నోటితో చెప్పలేం. చివరికి ఆయనా ఒప్పుకున్నాడు.

ముగ్గురి ధ్రువీకరణ కాగితాలు, రిటర్ను రసీదులు, లాభం లెక్క వెనక జతచేసి పంపాక ఏఐఎస్‌లో కూడా ఆ అంకె దగ్గర `Information is not fully correct` అని ఎంచుకుని తన వాటా రాశాడు. ఇది జవాబుకి బదులు కాదు, ఏఐఎస్‌లో నొక్కేసి నోటీసుకి జవాబివ్వకుండా కూర్చుంటే కేసు ఏకపక్షంగా తెరుచుకుంటుంది.

ఆ తర్వాత

ఆఫీసర్ 148ఏ(3) కింద ఉత్తర్వు ఇస్తాడు, కేసు తెరవాలా వద్దా అని. వద్దంటే అక్కడితో సరి. తెరిస్తే 148 నోటీసు వస్తుంది, అందులో చెప్పిన గడువులో మళ్ళీ రిటర్ను వేయాలి, అప్పుడు కూడా తన వాటా లెక్కే వేయాలి, భయపడి అంకె మార్చకూడదు. చివర్లో పన్ను వేస్తే అప్పీలుకి ముప్ఫై రోజులు. మా కేసు మొదటి మెట్టు దగ్గరే ఆగింది, ఉత్తర్వులో ఆఫీసర్ బ్యాంకు పట్టికనీ తమ్ముడి రిటర్ను రసీదునీ పేరుపెట్టి ప్రస్తావించాడు.

ఇక ఇంట్లో పంపకం. పన్ను, వడ్డీ ఎవరివి వాళ్ళవి, దాంట్లో పంచుకునేదేమీ లేదు. తమ్ముడి అదనం తమ్ముడిదే, అన్న టీడీఎస్ తేడా అన్నదే. ఆడిటర్ ఫీజు, వాల్యుయర్ ఫీజు మాత్రం అందరి వాటాలూ నిరూపించడానికి అయిన ఖర్చు కాబట్టి నాలుగు భాగాలు చేసుకోవడం న్యాయం. తమ్ముడు తన అప్‌డేటెడ్ రిటర్నుకి అయిన ఫీజుని కూడా ఆ నాలుగు భాగాల్లో కలపమన్నాడు. చెల్లెలు ఒప్పుకోలేదు, అన్న మాట్లాడలేదు, అమ్మ తన బీరువాలోంచి తీసి ఇచ్చేసింది.